పారాబొలాకీ గీతకీ మధ్య ఏరియా కలుస్తోంది, సెంట్రాయిడ్ మాత్రం కీతో కలవట్లేదు

కంచరపాలెం_డిప్లొమా
మెకానిక్స్‌లో ఒక లెక్క దగ్గర ఆగిపోయాం, ఎవరైనా చూసి చెప్పండి. y = 4x - x² అని పారాబొలా ఇచ్చారు, y = x అని గీత ఇచ్చారు, ఈ రెంటి మధ్యా ఉన్న భాగానికి ఏరియా, సెంట్రాయిడ్ కట్టమన్నారు. రెండూ కలిసేది x = 0 దగ్గరా x = 3 దగ్గరా. ఏరియా 4.5 వచ్చింది, కీలో కూడా అదే ఉంది. ఎక్స్ బార్ 1.5, అదీ కలిసింది. వై బార్ దగ్గరే గొడవంతా. కీలో 2.4 అని ఒక్క ముక్క పడేసి వదిలేశారు, స్టెప్పులు లేవు. మేం కట్టింది ఇదిగో:

```
(4x - x²) - x = 3x - x²
½ ∫ (3x - x²)² dx, x = 0 నుంచి 3  =  4.05
4.05 / 4.5  =  0.9
```

రూమ్‌లో అందరం విడివిడిగా కట్టాం, ఒక్కడికి తప్ప అందరికీ 0.9 వచ్చింది. ఆ ఒక్కడేమో కీ చూసి వెనక్కి కట్టాడని మా డౌటు. కీలో తప్పుందా, మా ఫార్ములాలో తప్పుందా?

ఆర్కేబీచ్_రవి
కీల్లో తప్పులు పడటం మామూలేగా, గైడ్లలో అయితే మరీను. ఫార్ములా బానే ఉంది, స్ట్రిప్ ఎత్తులో సగం తీసుకుని స్ట్రిప్ ఏరియాతో గుణించారు, అంతేగా చెయ్యాల్సింది. ఇంటిగ్రేషన్ నేనూ కట్టి చూశా, 4.05 కరెక్టే.

మధురవాడ_మౌనిక
రవీ, ఇంటిగ్రేషన్ కరెక్టేగానీ ఆన్సర్ కరెక్ట్ కాదు. బొమ్మ గీసి (1.5, 0.9) ఎక్కడ పడుతుందో చూడు. x = 1.5 దగ్గర గీత ఎత్తు 1.5, పారాబొలా ఎత్తు 3.75. మన భాగం ఆ రెంటి మధ్యే ఉంది. 0.9 అంటే గీతకి కింద, అసలు భాగంలోనే లేదు.

ఆర్కేబీచ్_రవి
సెంట్రాయిడ్ బొమ్మకి బయట కూడా ఉండొచ్చు కదా మౌనికా, గాజుకి మధ్యలో ఉంటుంది, అక్కడ గాజేమీ ఉండదు.

మధురవాడ_మౌనిక
గాజుకి మధ్యలో కన్నం ఉంది కాబట్టి అలా వస్తుంది. ఎల్ ఆకారానికి కూడా బయటికి పోవచ్చు. ఇక్కడ అలాంటిదేం లేదు, పారాబొలా బయటికి ఉబ్బి ఉంది, ఇంకోవైపు తిన్నని గీత. లోపల ఏ రెండు చుక్కలు కలిపినా ఆ గీత లోపలే ఉంటుంది. అలాంటి బొమ్మకి సెంట్రాయిడ్ బయటికి పోయే ఛాన్సే లేదు. పారాబొలాకీ గీతకీ మధ్య భాగం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి ఈ చెక్ అన్ని లెక్కలకీ పనికొస్తుంది, పది సెకన్ల పని.

ఎంవీపీ_మాస్టారు
మౌనిక చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, కీ కరెక్ట్. తప్పు ఎక్కడుందో చెప్తాను, ఎందుకంటే ఈ లెక్కలో పిల్లలు పడిపోయేది ఎప్పుడూ ఒకే చోట.

ఒకే ఒక్క స్ట్రిప్ తీసుకుని చూడండి, x = 1 దగ్గర నిలువుగా సన్నటి ముక్క. దాని అడుగు గీత మీదుంది, అంటే ఎత్తు 1. దాని తల పారాబొలా మీదుంది, 4 - 1 = 3. అంటే ఆ స్ట్రిప్ 1 నుంచి 3 దాకా ఉంది, పొడుగు 2, దాని నడుము 2 ఎత్తులో ఉంది. ఇప్పుడు మీ ఫార్ములా ఏమంటోంది? పొడుగులో సగం, అంటే 1 దగ్గర నడుమంటోంది. 1 అంటే స్ట్రిప్ అడుగు! స్ట్రిప్ ఎక్స్ యాక్సిస్ మీద నిలబడి ఉంటే పొడుగులో సగం కరెక్టే. ఇది గాల్లో ఉంది, గీత మీద నిలబడి ఉంది. అడుగు ఎంత ఎత్తులో ఉందో అది కూడా కలపాలి.

అంటే నడుము ఎత్తు, అడుగూ తలా కలిపి సగం. పొడుగు, తలలోంచి అడుగు తీసేస్తే వచ్చేది. ఈ రెండూ గుణిస్తే:

```
½ (తల + అడుగు)(తల - అడుగు) = ½ (తల² - అడుగు²)

½ ∫ [(4x - x²)² - x²] dx
= ½ ∫ (15x² - 8x³ + x⁴) dx
= ½ [5x³ - 2x⁴ + x⁵/5], 0 నుంచి 3
= ½ (135 - 162 + 48.6) = 10.8

10.8 / 4.5 = 2.4
```

వర్గాల తేడా తీసుకోవాల్సిన చోట మీరు తేడాకి వర్గం తీసుకున్నారు. ఏరియాకి తేడా ఒక్కటే కావాలి, ఎక్స్ బార్‌కి కూడా తేడానే x తో గుణిస్తాం, అందుకే ఆ రెండూ కలిశాయి. మొదట్లోనే తీసేసి 3x - x² అని రాసేసుకున్నాక గీత ఎక్కడుందో మర్చిపోయాం, వై బార్‌కి ఆ సంగతి కావాల్సొచ్చింది.

కంచరపాలెం_డిప్లొమా
మాస్టారూ ఇప్పుడు వెలిగింది. x = 1 స్ట్రిప్ ఒక్కటి చూస్తే చాలు తెలిసిపోతోంది. అంటే ఆ ఒక్కడు వెనక్కి కట్టలేదన్నమాట, వాడికి టీ బాకీ పడ్డాం.

ఫ్యాబ్రికేషన్_గణేష్
నాదో డౌటు, ఇంత లెక్క ఎందుకండీ. ఆటోనగర్‌లో మా షెడ్డులో ఇలాంటి ముక్కలు రోజూ కోస్తాం, ఆర్చి ముక్కలు, గేటు పైన వచ్చేవీ. మధ్య పాయింటు కావాలంటే ఆ ముక్క పట్టే బాక్స్ గీసి మూలల నుంచి మూలలకి గీతలు కొడతాం. మీ బొమ్మకి బాక్స్ అడ్డం 3, నిలువు 4, మధ్య పాయింటు (1.5, 2). ఐపోయింది.

మధురవాడ_మౌనిక
గణేష్ గారూ అది బాక్స్‌కి మధ్య, ముక్కకి కాదు. ఒకటి చెప్పండి, ఆ మధ్య పాయింటులో మాగ్నెట్ పెట్టి లేపితే ప్లేటు తిన్నగా లేస్తుందా?

ఫ్యాబ్రికేషన్_గణేష్
లేదమ్మా, ఆర్చి ముక్కలు ఎప్పుడూ ఓ పక్కకి వాలిపోతాయి, ఉబ్బున్న వైపుకి. కుర్రాడొకడు చేత్తో పట్టుకుంటాడు. మాగ్నెట్ సరిగ్గా పట్టట్లేదేమో అనుకునేవాళ్ళం.

మధురవాడ_మౌనిక
మాగ్నెట్ తప్పేం లేదు. ఒక యూనిట్ 200 ఎంఎం అనుకోండి, అంటే ప్లేటు 600 అడ్డం, 800 నిలువు. బాక్స్ మధ్య కింద నుంచి 400 దగ్గర. అసలు సెంట్రాయిడ్ 2.4 × 200, అంటే 480 దగ్గర. 80 ఎంఎం తేడా, ఉబ్బున్న వైపుకే. మందం అంతటా ఒకటే అయితే ప్లేటు బరువంతా ఆ 480 పాయింటు దగ్గరే ఉన్నట్టు లెక్క. మాగ్నెట్ అక్కడ పెట్టి చూడండి. ఒకటి మాత్రం, ఆర్చి నిజంగా పారాబొలా అయితేనే ఈ లెక్క. కంపాస్ తిప్పి గీసిన ఆర్చి అయితే అది వృత్తంలో ముక్క, దాని లెక్క వేరు. చేత్తో పట్టుకునే కుర్రాడిని మాత్రం ముందు పక్కకి జరగమనండి, లేపే ముక్క కింద ఎవరూ ఉండకూడదు.

ఫ్యాబ్రికేషన్_గణేష్
మావి ఎక్కువ కంపాస్ ఆర్చీలేనమ్మా. అయినా ఉబ్బున్న వైపుకి జరపాలన్న మాట తెలిసింది, చాలు.

ఆర్కేబీచ్_రవి
సరే నేను 0.9 వదిలేశా. కానీ ఒకటి గమనించా, ఎక్స్ బార్ కట్టాల్సిన పనే లేదు. రెండు కలిసే చోట్లకి సరిగ్గా మధ్య, 0 కి 3 కి మధ్య 1.5. పారాబొలా లెక్క ఏదొచ్చినా ఎక్స్ బార్ నడిమధ్యే, టైమ్ సేవ్.

సీతమ్మధార_ఇంటర్
రవన్నా నాకలా రాలేదు. మా లెక్క y² = 4x, y = x. కలిసేది x = 0, x = 4. మధ్య అంటే 2 రావాలి, కానీ

```
ఏరియా: ∫ (2√x - x) dx, 0 నుంచి 4 = 32/3 - 8 = 8/3
∫ x(2√x - x) dx = 25.6 - 21.333 = 4.267
4.267 / 2.667 = 1.6
```

1.6 వచ్చింది. రెండు సార్లు చూశా.

ఆర్కేబీచ్_రవి
అదేంటి, పారాబొలానే కదా.

ఎంవీపీ_మాస్టారు
పారాబొలానే, కానీ పక్కకి తిరిగింది. రవి చెప్పిన మాటలో సగం నిజం ఉంది. పారాబొలా నిలువుగా ఉంటే, అంటే దాని యాక్సిస్ వై యాక్సిస్‌కి సమాంతరంగా ఉంటే, ఎక్స్ బార్ మధ్యలో వస్తుంది. ఎందుకంటే స్ట్రిప్ పొడుగు 3x - x², అంటే x(3 - x), అది 1.5 కి అటూ ఇటూ ఒకేలా ఉంటుంది. బొమ్మ వంకరగా ఉన్నట్టు కనిపించినా స్ట్రిప్‌ల పొడుగులు మాత్రం జతలు జతలుగా సమానం. x = 1 దగ్గర 2, x = 2 దగ్గర కూడా 2.

ఇంటర్ అమ్మాయి లెక్కలో పారాబొలా పడుకుని ఉంది, అక్కడ మధ్యలో వచ్చేది వై బార్. 0 కీ 4 కీ మధ్య, 2. కట్టి చూడమ్మా. పారాబొలా యాక్సిస్ ఎటుందో చూసి, దానికి అడ్డంగా కొలిచే కోఆర్డినేటే నడిమధ్య వస్తుంది.

సీతమ్మధార_ఇంటర్
వై బార్ 2 వచ్చింది మాస్టారూ! (1.6, 2). కానీ నేను అబ్బాయిని :)

ఎంవీపీ_మాస్టారు
తప్పయిపోయింది నాయనా, సీతమ్మధార అని చూసి అలా అనేశాను.

రుషికొండ_రాధ
నాకు స్ట్రిప్‌లు నిలువుగా కాకుండా అడ్డంగా కోస్తే ఏమవుతుందో చూడాలనిపించి కంచరపాలెం లెక్కనే అలా కట్టా. వై బార్ కావాలంటే అడ్డం స్ట్రిప్‌లే తేలిక అని మాకు కాలేజీలో చెప్పారు, స్ట్రిప్ మొత్తం ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి నడుము గొడవే ఉండదు. కానీ ఏరియానే 3.17 వచ్చింది, 4.5 రావట్లేదు. y 0 నుంచి 3 దాకా తీసుకున్నా, ఎడమ వైపు x = 2 - √(4 - y), కుడి వైపు x = y.

మధురవాడ_మౌనిక
రాధక్కా 3 దగ్గర ఎందుకు ఆగారు? గీత (3, 3) దగ్గర ఆగిపోతుంది నిజమే, కానీ పారాబొలా x = 2 దగ్గర 4 ఎత్తుకి వెళ్ళి దిగుతుంది. 3 కి పైన ఒక టోపీ మిగిలిపోయింది. అక్కడ ఎడమా కుడీ రెండు వైపులా పారాబొలానే, 2 - √(4 - y) నుంచి 2 + √(4 - y) దాకా.

```
∫ (y - 2 + √(4 - y)) dy, 0 నుంచి 3 = 3.1667
∫ 2√(4 - y) dy,          3 నుంచి 4 = 1.3333
మొత్తం                              = 4.5
```

రుషికొండ_రాధ
ఓహ్ టోపీ! అంటే పారాబొలా శీర్షం కలిసే చోట్ల మధ్యలో పడితే అడ్డం స్ట్రిప్‌లకి రెండు ముక్కలు చెయ్యాలన్నమాట. అప్పుడు వేళ్ళతో కూడిన ఇంటిగ్రేషన్ రెండు సార్లు, నిలువు స్ట్రిప్పే నయం అనిపిస్తోంది.

మధురవాడ_మౌనిక
ఈ లెక్కకి నిలువే నయం. సీతమ్మధార వాళ్ళ y² = 4x లెక్కకి అడ్డం నయం, అక్కడ x = y²/4 నుంచి x = y దాకా, వేళ్ళే ఉండవు. యాక్సిస్ ఎటుంటే స్ట్రిప్‌లు అటే కొయ్యడం మంచిది.

యార్డు_బాబాయి
ఏటి బాబూ ఇంత ఇంటిగ్రేషను. మేం షిప్‌యార్డు డ్రాయింగు ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ఓడ వాటర్‌ప్లేన్ ఏరియాకి గానీ దాని సెంట్రాయిడ్‌కి గానీ సింప్సన్ రూలే వాడినం. ఓడ గీతకి ఈక్వేషను ఎక్కడుంటాది? వెడల్పులు కొలిసి, ఒకటి నాలుగు ఒకటి వేసుకుని కూడేసుకోడవే. మీ లెక్కకి మూడు వెడల్పులు చాలు. x = 0 దగ్గర సున్నా, 1.5 దగ్గర 2.25, 3 దగ్గర సున్నా.

```
(3/6) × (0 + 4 × 2.25 + 0) = 4.5
```

సరిగ్గా 4.5. పెన్సిలు తీసే లోపల ఐపోద్ది. ఎక్స్ బార్‌కీ అంతే, ప్రతీ వెడల్పునీ దాని x తో గుణించి మళ్ళీ అదే రూలు, 6.75 వస్తాది, భాగిస్తే 1.5.

కంచరపాలెం_డిప్లొమా
బాబాయ్ ఇది భలే ఉంది. మరి వై బార్‌కి కూడా అలాగే కట్టా, ½ (తల² - అడుగు²) మూడు చోట్లా తీసుకున్నా. 0, 5.90625, 0. సింప్సన్ వేస్తే 11.8125, 4.5 తో భాగిస్తే 2.625 వచ్చింది. 2.4 రాలేదు! ఇప్పుడు మళ్ళీ ఏది నమ్మాలి?

యార్డు_బాబాయి
2.4 నే నమ్ము. సింప్సన్ అబద్ధం ఆడదు గానీ మూడు వెడల్పులకి దానికో హద్దుంది. నువ్వు కూడే దాంట్లో x క్యూబ్ దాకా ఉంటే సరిగ్గా వస్తాది, తేడా సున్నా. ఏరియాకి x², ఎక్స్ బార్‌కి x³, అందుకే రెండూ నికరంగా వచ్చినయ్. వై బార్‌కి వర్గం చేసీసరికి x⁴ వచ్చింది, హద్దు దాటింది. అలగైనప్పుడు వెడల్పులు పెంచుకోవాల. అయిదు తీసుకో, 0.75 కి ఒకటి చొప్పున.

కంచరపాలెం_డిప్లొమా
అయిదుతో కట్టా:

```
x:     0    0.75     1.5      2.25     3
       0    2.6895   5.9063   5.2207   0
(0.75/3)(0 + 4×2.6895 + 2×5.9063 + 4×5.2207 + 0) = 10.863
10.863 / 4.5 = 2.414
```

2.625 నుంచి 2.414 కి దిగింది.

యార్డు_బాబాయి
చూసేవా. ఇందాక 10.8 కి 1.01 ఎక్కువ, ఇప్పుడు 0.063 ఎక్కువ. దూరం సగం చేస్తే తేడా పదహారో వంతుకి పడిపోద్ది. మళ్ళీ సగం చేస్తే ఇంక పెన్సిలు గీత మందంలో కలిసిపోద్ది. ఓడ పనిలో అందుకే ముందూ వెనకా కొనల దగ్గర, గీత గబగబా తిరిగే చోట, స్టేషన్లు దగ్గర దగ్గరగా పెట్టీవోళ్ళం.

ఆర్కేబీచ్_రవి
బాబాయ్, ఈక్వేషన్ చేతిలో ఉన్నప్పుడు సింప్సన్ ఎందుకు, నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే నికరంగా 2.4 వస్తుంటే?

యార్డు_బాబాయి
ఈక్వేషను ఉంటే నువ్వన్నదే రైటు. నేను లేనోళ్ళ సంగతి సెప్తున్నా. గణేష్ షెడ్డులో ముక్కకి ఈక్వేషను ఎవడిచ్చాడు?

ఫ్యాబ్రికేషన్_గణేష్
బాబాయి మాట నాకు నచ్చింది. టేపు పెట్టి అయిదు వెడల్పులు కొలిస్తే కంపాస్ ఆర్చీకి కూడా పనిచేస్తుందా?

యార్డు_బాబాయి
చేస్తాది. నికరంగా రాదు గానీ దగ్గరికి వస్తాది. ఆర్చి మొదళ్ళ దగ్గర నిట్టనిలువుగా లేస్తే మాత్రం అక్కడ ఇంకా దగ్గరగా కొలుసుకో.

రుషికొండ_రాధ
నేను నిన్న సాయంత్రం కత్తిరించి చూశా! స్వీట్ బాక్స్ అట్ట మీద గ్రాఫ్ పేపర్ అంటించి, ఒక యూనిట్ 5 సెంటీమీటర్లు పెట్టుకుని పారాబొలా పాయింట్లు వేసి కోశా. రెండు మొనల దగ్గరా కొంచెం లోపలికి గుండుసూదితో కన్నం చేసి, సూది మీద అట్ట వదులుగా ఊగేలా పెట్టి, అదే సూదికి దారం కట్టి చివర నట్టు వేలాడదీసి, దారం పడిన చోట పెన్సిల్ గీత. రెండో కన్నం నుంచి కూడా అంతే. రెండు గీతలు కలిసింది 7.6, 11.9 దగ్గర. మాస్టారి లెక్క ప్రకారం 7.5, 12 కదా.

0.9 అయితే 4.5 సెంటీమీటర్ల ఎత్తులో పడాలి. అక్కడ అట్టే లేదు, ఎప్పుడో కోసి పారేశా.

ఎంవీపీ_మాస్టారు
చాలా బాగా చేశావమ్మా. కన్నం బిగుతుగా ఉంటే అట్ట ఊగి సరైన చోట ఆగదు, ఆ ఒక్కటీ చూసుకుంటే చాలు.

రుషికొండ_రాధ
బిగుతు కంటే గాలితోనే ఎక్కువ ఇబ్బంది మాస్టారూ, మాకు సాయంత్రం సముద్రం గాలి తలుపులు వేసినా వస్తుంది. దారం ఊగుతూనే ఉంది, చివరికి బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి గీసుకున్నా.

మధురవాడ_మౌనిక
ఇంకో సంగతి చెప్పాలని ఇందాకట్నుంచీ అనుకుంటున్నా. కంచరపాలెం వాళ్ళ 0.9 ని పారేయక్కర్లేదు, అది వేరే ప్రశ్నకి కరెక్ట్ జవాబు.

ప్రతి నిలువు స్ట్రిప్‌నీ కిందికి జార్చండి, దాని అడుగు ఎక్స్ యాక్సిస్‌ని తాకేదాకా. x దగ్గరున్న స్ట్రిప్ x అంత కిందికి దిగుతుంది. స్ట్రిప్‌ల పొడుగు మారలేదు, వెడల్పు మారలేదు, అందుకే ఏరియా 4.5 నే, ఎక్స్ బార్ 1.5 నే. ఇప్పుడు వచ్చిన బొమ్మ y = 3x - x² కింద ఉన్న భాగం. మీరు కట్టిన ½ ∫ (3x - x²)² దీనికి అచ్చంగా సరిపోతుంది, దీని వై బార్ 0.9. ఇప్పుడు మళ్ళీ స్ట్రిప్‌లన్నీ పైకి జరపండి. ఒక్కోటి x అంత లేస్తుంది, కాబట్టి మొత్తం సగటున ఎక్స్ బార్ అంత లేస్తుంది. 0.9 + 1.5 = 2.4.

కంచరపాలెం_డిప్లొమా
అబ్బా! అంటే 0.9 అనేది గీత నుంచి కొలిచిన ఎత్తు!

మధురవాడ_మౌనిక
అదే. గీత మీదున్న చుక్క (1.5, 1.5) నుంచి నిలువుగా 0.9 పైకి. గీత తిన్నగా ఉంది కాబట్టే ఇది ఇంత తేలిగ్గా అయింది, కింద ఇంకో వంపు ఉంటే ఎక్స్ బార్ దగ్గర దాని ఎత్తు కలిపితే సరిపోదు, దాని సగటు వేరే కట్టాలి.

ఎంవీపీ_మాస్టారు
మౌనిక ఇక్కడిదాకా తెచ్చింది కాబట్టి ఒక అడుగు ముందుకేస్తాను. x = 1.5 దగ్గర స్ట్రిప్ పొడుగు 2.25. దాంట్లో 0.9 ఎంత? సరిగ్గా అయిదింట రెండు వంతులు. ఇది ఈ లెక్క ఒక్కదానికే కాదు. ఏ పారాబొలా అయినా, ఏ గీత దాన్ని రెండు చోట్ల కోసినా, రెండు కలిసే చోట్లకీ మధ్య చుక్క తీసుకుని, అక్కణ్ణుంచి యాక్సిస్‌కి సమాంతరంగా పారాబొలా దాకా వెళ్తే, దారిలో అయిదింట రెండు వంతుల దగ్గర సెంట్రాయిడ్ ఉంటుంది. సీతమ్మధార అబ్బాయి లెక్కలో మధ్య చుక్క (2, 2), అక్కణ్ణుంచి అడ్డంగా పారాబొలా మీద (1, 2), దూరం 1, అయిదింట రెండు 0.4, అంటే 2 - 0.4 = 1.6. కలిసిందా?

ఏరియాకీ ఇలాంటిదే ఉంది. x² ముందున్న అంకెని, గుర్తు వదిలేసి, కలిసే చోట్ల తేడా క్యూబ్‌తో గుణించి 6 తో భాగించడమే. ఇక్కడ 1 × 27 / 6 = 4.5. ఇవి కొత్తవేం కాదు, క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ ఈ రెండూ రుజువు చేశాడు, ఇంటిగ్రేషన్ అనే మాట పుట్టకముందే. ఆ గీతకీ పారాబొలాకీ మధ్య త్రిభుజం పెట్టి, ఏరియా దానికి మూడింట నాలుగు వంతులని చూపించాడు. మన బొమ్మలో (0, 0), (3, 3), (1.5, 3.75) త్రిభుజం ఏరియా 3.375, దానికి 4/3 కడితే 4.5.

సీతమ్మధార_ఇంటర్
కలిసింది మాస్టారూ. అయిదింట రెండు అని పరీక్షలో నేరుగా రాసేస్తే మార్కులిస్తారా?

ఎంవీపీ_మాస్టారు
నేను దిద్దితే చెక్ కింద రాసినదానికి సంతోషిస్తాను, కానీ ఇంటిగ్రేషన్ పద్ధతిలో కట్టమన్న ప్రశ్నకి అదొక్కటే రాస్తే పూర్తి మార్కులివ్వను.

ఆర్కేబీచ్_రవి
రుజువైన సూత్రమే కదా మాస్టారూ, ఎందుకివ్వరు? మా సార్ ఇచ్చేవారు. పద్ధతి చెప్పమని ప్రశ్నలో లేకపోతే ఆన్సర్ కరెక్ట్ అయితే చాలనేవారు.

ఎంవీపీ_మాస్టారు
ప్రశ్నలో పద్ధతి చెప్పకపోతే మీ సార్ మాట కూడా న్యాయమే. దిద్దేవాళ్ళని బట్టి ఉంటుంది, నేను గట్టిగా చెప్పలేను.

రుషికొండ_రాధ
నేనైతే మొత్తం రాసి చివర్లో 0.9 = 2/5 × 2.25 అని ఒక లైను పెడతా, ఎవరు దిద్దినా పేచీ ఉండదు.

కంచరపాలెం_డిప్లొమా
ఇంకో దారి కూడా మా వాడు చెప్పాడు, టీ తాగుతూ. పారాబొలా కింద మొత్తం భాగం తీసుకుని దాంట్లోంచి గీత కింద త్రిభుజం తీసేశాడట. పారాబొలా కింద ఏరియా 9, దాని మొమెంట్ 15.3. త్రిభుజం ఏరియా 4.5, దాని సెంట్రాయిడ్ ఎత్తు 1, మొమెంట్ 4.5. తీసేస్తే 10.8, భాగిస్తే 2.4. వర్గాల తేడా అన్నా ఇదే కదా మాస్టారూ?

ఎంవీపీ_మాస్టారు
అదే. తల వర్గం మొత్తం భాగానిది, అడుగు వర్గం తీసేసిన త్రిభుజానిది. మొమెంట్లు తీసెయ్యొచ్చు, వై బార్‌లని మాత్రం నేరుగా తీసెయ్యకూడదు. 15.3 ని 9 తో భాగిస్తే 1.7, దాంట్లోంచి త్రిభుజం ఎత్తు 1 తీసేసి 0.7 అని రాసిన పేపర్లు కూడా నేను చూశాను.

ఫ్యాబ్రికేషన్_గణేష్
మౌనికమ్మా, ప్లేటులో బోల్టు కన్నాలుంటే కూడా ఇలాగే తీసెయ్యాలా?

మధురవాడ_మౌనిక
ఇలాగే గణేష్ గారూ. కన్నం ఏరియా, ఆ కన్నం మధ్య ఎంత ఎత్తులో ఉందో దాంతో గుణించి మొమెంట్లోంచి తీసెయ్యండి, మొత్తం ఏరియాలోంచి కన్నం ఏరియా తీసెయ్యండి, తర్వాతే భాగించండి. కన్నాలు చిన్నవైతే 480 పెద్దగా కదలదు. ఎన్ని కన్నాలు, ఎంత సైజో, ఎక్కడెక్కడున్నాయో పెట్టండి, కట్టి చూద్దాం.